బట్టలు సర్దుకో అన్న మాట

తిరుపతి, ఆదివారం

చిరంజీవి మధుకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు ఫోను చేసి 14 రోజులైంది. పనిలో ఉంటావని నేనూ చేయలేదు. ఫోనులో అయితే "సరే మా, సరే మా" అని పెట్టేస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. గౌరి బుధవారం బెంగళూరు వస్తోంది కదా, ఊరగాయ జాడీతో పాటు ఇది కూడా దాని సంచిలో పెడతాను. ఎండలు ఇంకా తగ్గలేదు. సాయంత్రమైతే కొండ మీద మబ్బు పడుతుంది, చూస్తుండగానే వెళ్లిపోతుంది. మీ నాన్న మోకాలికి కొత్త నూనె తెప్పించాము. కాస్త నయమే.

నిన్న మునెమ్మత్త వచ్చింది. ఆమె మనవడు ఇంజనీరింగ్ అయ్యాక చెన్నైలో రెండేళ్లు చేశాడు కదా, ఇప్పుడు బెంగళూరులో చూసుకుంటున్నాడు. పోయిన నెల ఒక కంపెనీలో వీడియోలో ఇంటర్వ్యూ అయిందట. గంటసేపు అడిగిన సారు చివర్లో నవ్వుతూ, "మాకు కావలసింది మీలాంటి వాళ్లే, త్వరలో చెబుతాం" అన్నాడట. అంతే, ఇంట్లో పాయసం చేసుకున్నారు. చేతిలో ఉన్న ఇంకో ఆఫరుకు ఆ వారమే గడువు ఉంటే, వద్దని మెయిలు పెట్టేశాడు. నేటికి 26 రోజులు. ఫోను లేదు, మెయిలు లేదు. అబ్బాయి అన్నం దగ్గర కూడా ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నాడని ఆమె ఏడ్చింది. ఆ సారు పేరేమిటని అడిగాను. మధు సారు అంది. బెంగళూరులో మధులు వందమంది ఉంటారు. నేను ఇంకేమీ అడగలేదు, ఆమెకూ ఏమీ చెప్పలేదు.

ఇంతకీ తింటున్నావా? జాతరకు వచ్చినప్పుడు చూశాను, చొక్కా కాలరు వదులైపోయింది. రాగి పిండి రెండు కిలోలు పంపుతున్నాను. పొద్దున పూట సంగటి అక్కర్లేదు, జావ కాచుకుని మజ్జిగ పోసుకుంటే చాలు.

నూలు మిల్లులో నేను పర్సనెల్ సెక్షన్‌లో ఉన్నప్పటి సంగతి ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1996లో ఎలక్ట్రీషియన్ పోస్టుకు పుంగనూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఐటీఐ చదివి, ఊళ్లో మోటార్లకు రీవైండింగ్ చేసే షాపులో పని చేస్తున్నాడు. మెయింటెనెన్స్ ఇంజనీరు ఏది అడిగినా చేత్తో గీసి చూపించాడు. ఆయన నా వైపు చూసి తల ఊపాడు. నాకు ఆ పిల్లవాడి మీద ముచ్చట వేసింది. లేచి వెళ్తుంటే, "ఇంక ఇంటికెళ్లి బట్టలు సర్దుకో నాయనా" అన్నాను. అతను రెండు చేతులూ జోడించాడు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఆ పోస్టు ఆపమని కాగితం వచ్చింది. రద్దు చేయలేదు, ఆపారు. తేలాక రాద్దాంలే, ఇప్పుడు రాస్తే ఏమని రాయాలి అనుకున్నాను. చెడ్డ మాట చెప్పడానికి నా చేతిలో ఏమీ లేదు కదా అని నన్ను నేనే ఒప్పించుకున్నాను. అలా ఆరు వారాలు గడిచాయి. ఒక పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ ఫోను చేసి, మీ కోసం ఎవరో ట్రంకుపెట్టెతో వచ్చారు మేడం అన్నాడు. వెళ్లి చూస్తే అతనే. ఆకుపచ్చ రేకుపెట్టె, తాళం లేక పురికొసతో కట్టాడు, మూత మీద పెయింటుతో తన పేరు రాసుకున్నాడు. ఆ పెయింటు ఇంకా కొత్తగా మెరుస్తోంది. నేను చెప్పిన మర్నాడే షాపు మానేశాడట. ఆ ఓనరు వేరే పిల్లవాణ్ణి పెట్టుకున్నాడు. ఉత్తరం పోస్టులో తప్పిపోయిందేమో, కనుక్కుందామని వచ్చాను, ఎలాగూ రావాల్సిందే కదా అని పెట్టె కూడా తెచ్చుకున్నాను అన్నాడు. కోపం లేదు. గొంతు కూడా పెంచలేదు. క్యాంటీన్‌లో కాఫీ ఇప్పించాను, తాగలేదు. బస్సు చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు. నాలుగు నెలలకు పోస్టు మళ్లీ తెరిచారు. నేనే చేత్తో ఉత్తరం రాశాను. చిరునామాలో లేరని తిరిగి వచ్చింది.

ఆ తర్వాత నేను పని చేసినన్నాళ్లూ, ఇంటర్వ్యూ అయిన ప్రతి మనిషి చేతిలో ఒక చీటీ పెట్టి పంపాను. కార్బన్ వేసి రెండు కాపీలు, ఒకటి నా దగ్గర. అందులో నాలుగే ముక్కలు: ఇంకా ఎన్ని పరీక్షలున్నాయి, ఎవరు రాస్తారు, ఏ తేదీ లోపు, ఆ తేదీ దాటితే ఎవరిని అడగాలి. చీటీ ఇస్తూ నోటితో ఒక మాట కూడా చెప్పేదాన్ని, ఆర్డరు చేతికొచ్చేదాకా ఉన్న పని మానొద్దని.

నువ్వు ఇంటర్వ్యూలు చేయడం మొదలుపెట్టావని గౌరి చెప్పింది. నీకు తెలియదని కాదు. ప్రశ్నలు అడగడం మీ కంపెనీలో నేర్పిస్తారు. ముగించడం ఎవరూ నేర్పరు, టైము అయిపోయాక హడావిడిగా ముగిస్తారు. గంట ఇంటర్వ్యూ అయితే 50వ నిమిషానికి ప్రశ్నలు ఆపెయ్. ఆఖరి పది నిమిషాలు అవతలివాళ్లవి. ముందు వాళ్లనే అడగనీ. ఏమీ లేవంటే, ఈ పనిలో మీకు ముఖ్యమైనది ఏది అని నువ్వే అడుగు. అది తెలియకుండా ఉద్యోగం గురించి ఎంత బాగా చెప్పినా ఆ మనిషికి అంటదు. ఒకరికి జీతం, ఒకరికి నేర్చుకోవడం, ఒకరికి రాత్రి ఇంటికి చేరడం.

ఇక పని గురించి చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు. మొన్న జాతర రోజు రాత్రి అందరం ముద్దలు కలుపుకుంటుంటే నీ ఫోను మోగింది. నువ్వు కంచం పక్కన పెట్టి మేడెక్కితే రెండున్నరకు దిగావు. సంగటి గట్టిపడిపోయింది, నేను మళ్లీ వేడినీళ్లు చల్లి మెత్త చేశాను. నాలుగు వారాలకొకసారి ఒక వారమంతా అలాగే ఉంటుందని నువ్వే అన్నావు. వచ్చే మనిషికి ఆ మాట చెబుతున్నావా? పాత కోడు, దాన్ని రాసినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరని నాతో విసుక్కుంటావే, అదీ చెప్పాలి. ఆ వెంటనే నిన్ను అక్కడ పట్టి ఉంచిన మంచి కూడా చెప్పు. మీ మేనేజరు నేర్పిస్తుందని, రాత్రి పని చేస్తే మర్నాడు ఆలస్యంగా రానిస్తారని. కష్టం ఒక్కటే చెప్పి భయపెట్టడమూ నిజం కాదు.

చెబితే పారిపోతారని మా మేనేజర్లకూ భయమే. నేను డిప్లొమా చదివేటప్పుడు జాన్ వానస్ అనే ఆయన 1973లో అచ్చువేసిన ఒక పరిశోధన మా పాఠాల్లో ఉండేది. అమెరికాలో టెలిఫోన్ ఆపరేటర్ల ఉద్యోగానికి వచ్చినవాళ్లలో కొందరికి అంతా బాగుందని చూపే మామూలు ఫిల్ము వేశారు, కొందరికి విసుగూ ఒత్తిడీ కూడా ఉన్నది ఉన్నట్టు చూపే ఫిల్ము వేశారు. నిజం చూసినవాళ్లు ఉద్యోగం వద్దని పారిపోలేదు. చేరాక మానేద్దామనే ఆలోచన వాళ్లకే తక్కువ వచ్చింది. అది చదివాకే నేను మనుషుల్ని రింగ్ ఫ్రేమ్ హాల్లోకి తీసుకెళ్లి ఐదు నిమిషాలు నిలబెట్టడం మొదలుపెట్టాను. ఆ ఉక్క, ఆ మోత, రెప్పల మీద వాలే దూది. కొందరు అక్కడి నుంచే వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు నెల తర్వాత పోయేకంటే అదే మేలు.

తర్వాత ఏం జరుగుతుందో చెప్పేటప్పుడు "త్వరలో" అనొద్దు నాయనా. రోజు పేరు చెప్పు. ఇలా అను: "ఇది రెండో రౌండు. ఇంకొకటి ఉంటుంది, మా మేనేజరుతో, 45 నిమిషాలు. ఈ రాత్రికి నా అభిప్రాయం రాసి పెడతాను. మేమంతా గురువారం కూర్చుంటాం. వచ్చే మంగళవారం లోపు రిక్రూటరు మీకు ఫోను చేస్తారు, అవునైనా కాదైనా. బుధవారానికీ రాకపోతే ఆమెకు మెయిలు పెట్టండి." గురువారం కూర్చుంటే శుక్రవారమే చెప్పేయొచ్చు అనిపిస్తుంది. ఎవరో ఒకరు సెలవు పెడతారు, అందుకే మంగళవారం అనాలి. ఈ తేదీలు ఇంటర్వ్యూకి ముందే రిక్రూటరును అడిగి పెట్టుకో, అప్పటికప్పుడు ఊహించి చెప్పొద్దు. వేరే ఆఫరు ఉందా, దానికి గడువు ఎప్పుడు అని కూడా అడుగు. ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగుంటే మునెమ్మత్త మనవడు ఆ మెయిలు పెట్టేవాడు కాదు. మీ వాళ్లలో 90 రోజుల నోటీసు ఉంటుంది కదా, ఆఫర్ లెటరు చేతికి రాకుండా రాజీనామా పెట్టొద్దని మర్చిపోకుండా చెప్పు.

బాగా చేశావు అనొద్దు. నీకు అలా అనిపించినా సరే. నిర్ణయం నీ ఒక్కడిది కాదు, గురువారం నలుగురు కూర్చున్నాక అది మారవచ్చు. నచ్చని మనిషికీ అవే పది నిమిషాలు, అవే మాటలు. నచ్చినవాడికి నవ్వి, నచ్చనివాడికి గడియారం చూస్తే, మొహం చూసే ఫలితం తెలిసిపోతుంది. అదీ తప్పుగా తెలుస్తుంది.

తేదీ దాటిపోతే ఆ రోజే రెండు ముక్కలు పంపించాలి. ఇంకా తేలలేదు, ఫలానా బుధవారం చెబుతాం అని. తేలలేదన్నది కూడా కబురే. నేను ఆ ఆరు వారాల్లో ఒక కార్డు ముక్క రాసి ఉంటే ఆ పెట్టె పుంగనూరులోనే ఉండేది.

మళ్లీ లెక్చరు ఇచ్చేశాను. మునెమ్మత్త మనవడికి ఉద్యోగం ఇప్పించమని నేను అడగను, నువ్వూ ఆ పని చేయొద్దు. ఆ మధు సారు నువ్వు కాకపోతే ఈ ఉత్తరం మడిచి పెట్టేయ్. నువ్వే అయితే, రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే రిక్రూటరును అడుగు, ఆ ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కో. అవునో, కాదో, ఇంకా తేలలేదో, ఏదైతే అది మధ్యాహ్నం లోపు ఆ అబ్బాయికి చేరేలా చూడు. నేను చెప్పానని అనొద్దు. చేశాక నాకు ఒక్క ఫోను చెయ్, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఊరగాయ ఇంకా ఊరలేదు, శుక్రవారం దాకా మూత తీయొద్దు. తడి గరిటె పెట్టొద్దు. నూనె తక్కువనిపిస్తే నువ్వుల నూనె కాచి చల్లార్చి పోసుకో.

అమ్మ