నీ ఫైల్లో మొదటి పేజీ గురించి

ఒరేయ్ శ్రీనూ,

బ్యాంకు కోసం తయారుచేసిన రిపోర్టు అందింది. లెక్కల జోలికి నేను పోను, అవి మీ ఆడిటర్ చూసుకుంటాడు. మీ పచ్చళ్ళ కంపెనీ విలువలు రాసిన మొదటి పేజీ మాత్రం రెండుసార్లు చదివాను. "నాణ్యత, నిజాయితీ, నిబద్ధత." ప్రాస బ్రహ్మాండంగా కుదిరింది. కానీ పచ్చళ్ళ కంపెనీ పేరు తీసేసి సిమెంటు కంపెనీ పేరు పెట్టినా ఆ పేజీలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. మాకు నిజాయితీ అక్కర్లేదని ఎవడైనా రాసుకుంటాడా? ఎవరూ కాదనలేని మాట రాసుకుంటే అది ఏ తగువూ తీర్చదు. అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ కూడా గౌరవం, నిజాయితీ అనే మాటలు తన విలువల్లో రాసుకుంది. లెక్కల్లో మోసం బయటపడి 2001 డిసెంబరులో దివాలా తీసింది.

పనికొచ్చిన కాగితం కథ ఒకటి చెప్తా. మందులు, పౌడర్లు అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి 1943లో దాని అధిపతి రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక పేజీ రాశాడు, దాన్ని 'క్రెడో' అంటారు. అందులో గొప్ప మాటలకంటే వరస ముఖ్యం. మొదట డాక్టర్లు, నర్సులు, తల్లులు, సరుకు వాడే మిగతావాళ్ళు. తర్వాత ఉద్యోగులు. ఆ తర్వాత చుట్టూ ఉన్న సమాజం. వాటాదార్లు చిట్టచివర. 1970ల్లో ఆ కంపెనీని నడిపిన జేమ్స్ బర్క్ పెద్ద మేనేజర్లను కూర్చోబెట్టి, దీని ప్రకారం నడుచుకుంటారా, లేదంటే గోడమీంచి పీకేద్దామా అని అడిగాడు. వాళ్ళు గట్టిగానే వాదించుకున్నారు. 1982లో షికాగో దగ్గర ఎవరో ఆ కంపెనీ నొప్పి మందు టైలెనాల్ గొట్టం మాత్రల్లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. తప్పు ఫ్యాక్టరీది కాదు. అయినా దేశమంతటా దాదాపు మూడు కోట్ల పది లక్షల సీసాలు వెనక్కి రప్పించారు. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వాదన అప్పటికే అయిపోయి ఉండటం వాళ్ళకు కలిసొచ్చింది. అలాగని ఆ కాగితం మంత్రం కాదులే. అదే కంపెనీ మీద తర్వాత టాల్కం పౌడర్ గురించి వేలకొద్దీ కేసులు పడ్డాయి.

ఇప్పుడు నీ సంగతి. కిందటి శ్రావణంలో గోంగూర గుర్తుందా? సీసాలు తడి ఆరకుండానే నింపేశారు. నాలుగు వందల సీసాల బ్యాచ్‌లో ఆరు బూజు పట్టి తిరిగొచ్చాయి. అడిగినవాళ్ళకి మార్చి ఇస్తే చాలన్నాడు మీ బావమరిది. నువ్వేమో మొత్తం వెనక్కి తెప్పించావు. రెండు రోజులు ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదని మా చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రోజు 'నాణ్యత' అన్న మాట ఎవరి పక్షాన నిలబడేది? ఇద్దరి పక్షానా! నీ బావమరిదీ నాణ్యత కోసమే సీసాలు మార్చి ఇద్దామన్నాడు కదా. దాని బదులు ఇలా రాయి: "ఒక్క సీసా మీద అనుమానం వచ్చినా ఆ బ్యాచ్ అంతా వెనక్కి తెస్తాం, ఫిర్యాదులు వచ్చేదాకా ఆగం." ప్రాస లేదు, కానీ ఈసారి రెండు రోజులు పట్టదు.

ఇంకోటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. డిసెంబరులో డీలరు డబ్బు ఆపితే చేతిలో ఉన్నది ఎవరికిచ్చావు? నూనె వ్యాపారికి. కాయలు కొట్టే ఆడవాళ్ళ కూలి రెండు శనివారాలు ఆగింది. అంటే నీ అసలు వరసలో నూనె కొట్టు వాళ్ళకంటే ముందుంది. నీ పేజీలో మాత్రం 'మా సిబ్బందే మా కుటుంబం' అని ఉంది. ఆ కాగితం వాళ్ళు చదివితే ఏమనుకుంటారో ఊహించుకో. "శనివారం కూలి అన్ని బిల్లులకంటే ముందు" అని రాసి, అందుకు రెండు వారాల కూలి డబ్బు విడిగా ఒక ఖాతాలో పెట్టు. అంత డబ్బు పక్కన పెట్టలేనంటావా, ఆ వాక్యం రాయకు, కుటుంబం ముక్క కూడా కొట్టేయి.

కంపెనీ లక్ష్యం అంటూ నువ్వు రాసిన 'మిషన్' కూడా అంతే. 'ప్రపంచంలో అగ్రగామి' తీసెయ్. "నువ్వుల నూనెతో, నిల్వ మందులు లేకుండా, ఇంట్లో పెట్టుకున్నట్టే" అని రాశావనుకో, సూపర్‌మార్కెట్ వాడు చవక నూనెతో పెద్ద ఆర్డర్ ఇస్తానన్నప్పుడు ఏం చెప్పాలో నీకు ముందే తెలుస్తుంది. ఆ ఆర్డర్ వదులుకోవడం నీకిష్టం లేకపోతే ఆ మాట కూడా వద్దు. అబద్ధం రాయడంకంటే ఖాళీ నయం.

నువ్వు చేయాల్సింది, గడిచిన రెండేళ్ళలో నిన్ను నిద్రపోనివ్వని అయిదారు నిర్ణయాలు ఓ కాగితం మీద పెట్టు. కొత్త పేజీ చదివితే ప్రతిదానికీ ఒకే జవాబు రావాలి. నువ్వు ఒక్కడివే కూర్చోకు, బావమరిదినీ, కాయలు కొట్టే వాళ్ళలో పెద్దావిడనీ పిలువు. ఆవిడకి బ్యాంకు భాష రాదు కాబట్టి ఆవిడకి అర్థమయ్యేలా రాయక తప్పదు. బ్యాంకువాళ్ళకి పాత పేజీయే కావాలంటే ఇచ్చెయ్, కొత్తది ముక్కలు ఆరబెట్టే షెడ్డులో అంటించు.

మామిడికాయ దిగేలోపు రాసి పంపు. ఈసారి ఆవకాయ రెండు సీసాలు కూడా, తడి ఆరినవి.

నీ
రవి