క్లాసిఫైడ్స్‌లో పొడి అక్షరాలు

సంపాదకుడు గారికి,

క్లాసిఫైడ్స్‌లో అద్దె ప్రకటన చూసి మా అక్క కొడుకు 2,500 రూపాయలు పోగొట్టుకున్నాడు. ఉద్యోగం గుంటూరు నుంచి విజయవాడకు మారింది, ఇల్లు వెతుకుతున్నాడు. ప్రకటన ఇది: ‘మొగల్రాజపురం, 2బీహెచ్‌కే, 1100 ఎస్‌ఎఫ్‌టీ, సె.ఫ., తూ.ఫే., కా.పా., అద్దె 9 వే., 2 నె. అడ్వా., బ్రో. వద్దు.’

ప్రకటనకు చోటును బట్టి డబ్బు కట్టాలి కాబట్టి పదాలు ఇలా పొట్టివవుతాయి. తూ.ఫే. అంటే తూర్పు ముఖం, కా.పా. కారు పార్కింగ్. సె.ఫ. అంటే సెమీ ఫర్నిష్డ్. మంచాలు, సోఫాలు ఉంటాయని ఆశపడొద్దు, సాధారణంగా ఫ్యాన్లు, లైట్లు, అల్మరాలు, మహా అయితే ఒక గీజరు. 1100 చదరపు అడుగుల్లో గోడలు, మెట్లు, లిఫ్టు వాటా కూడా కలిపే లెక్క వేస్తుంటారు. మనం చాప పరుచుకునే చోటు అంతకన్నా బాగా తక్కువ. ‘బ్రో.’ చూసి తనలాంటి కుర్రాళ్లకు ఇల్లు ఇవ్వరేమోనని మావాడు బెంగపడ్డాడు. అది బ్రోకర్లు ఫోన్ చేయొద్దని!

అక్షరాలు విప్పి చెప్పిన నేను అందులో లేనివాటిని గమనించలేదు. వీధి లేదు, అపార్ట్‌మెంట్ పేరు లేదు, ఉన్నది సెల్ నంబర్ ఒక్కటే. అద్దె చూస్తే ఆ చుట్టుపక్కల ఇళ్లలో సగం. ఫోన్ ఎత్తినాయన తాను ఆర్మీలో ఉన్నానని, బదిలీ అయిందని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కు 2,500 కట్టాలట, చూశాక వాపస్ ఇస్తారట. మన ఊళ్లో ఇల్లు చూపించేది వాచ్‌మన్. తాళం ఆయన దగ్గరే ఉంటుంది, చూసినందుకు ఎవరూ డబ్బు అడగరు. మావాడు కట్టేశాడు. తర్వాత ‘రీఫండ్’ అంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. అదృష్టం, మావాడు అక్కడ ఆగాడు. యూపీఐ పిన్ కొడితే మన డబ్బు పోవడమే, మనకు వచ్చే డబ్బుకు పిన్ అక్కర్లేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఆ నంబర్‌కు ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఉద్యోగాల కాలమ్‌లోనూ ఇదే తంతు. ‘డే.ఎం., ఇంటి వద్దే, నెలకు 30 వే., సె.డి. రీఫం.’ అంటే డేటా ఎంట్రీ పని, తిరిగి ఇస్తామనే సెక్యూరిటీ డిపాజిట్. జీతం ఇవ్వాల్సినవాడు మన దగ్గర ముందు డబ్బు అడుగుతున్నాడంటే అది ఉద్యోగం కాదు.

కాలమ్ కింద ‘ప్రకటనల బాధ్యత పత్రికది కాదు’ అని చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. ఆ పక్కనే పొడి అక్షరాల అర్థాలు కూడా వేయండి. అద్దె ప్రకటన తీసుకునేటప్పుడు అపార్ట్‌మెంట్ పేరు, వీధి తప్పనిసరి చేయండి. ఆ రెండు ముక్కలకు డబ్బు వసూలు చేయకుంటే మరీ మంచిది.

— ఒక పాఠకుడు, గుంటూరు