దొంగతనం అనేముందు రీడింగ్ చూడండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

పోయిన నెల మా పర్లాకిమిడి వీధిలోకి తనిఖీ వాళ్లు వచ్చి, ఈ ట్రాన్స్‌ఫార్మర్ కింద మూడో వంతు కరెంటు దొంగతనంగా పోతోందని అందరి ముందూ అనేసి వెళ్లారు. కరెంటు లెక్కల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

ఆ మూడో వంతు ఎలా తేలుస్తారో చెప్తాను, అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే. ట్రాన్స్‌ఫార్మర్ మీటరు నెలలో 300 తిరిగిందనుకోండి, ఆ మీటరుకి కరెంటును తగ్గించి అందించే పరికరం, అంటే సీటీ, 200/5 అయితే ఆ అంకెని 40తో గుణించాలి, అంటే 12,000 యూనిట్లు. ఇళ్ల బిల్లులన్నీ కలిపితే 8,000. మిగతా 4,000 దొంగతనమే అనేస్తారు. ఎప్పుడో సీటీ మార్చి 100/5 పెట్టి, పుస్తకంలో 40 అలాగే ఉంచేస్తే లేని నష్టం పుడుతుంది, అందుకే మొదట చూడాల్సింది అదే.

గుణకం సరిగ్గానే ఉందనుకుందాం. 20 ఇళ్లకి తాళం ఉందనో మీటరు ఆగిందనో నెలకి 40 యూనిట్ల సగటు బిల్లు వేశారు, నిజంగా వాడింది 110 చొప్పున. అక్కడే 1,400 యూనిట్లు బిల్లులోకి రాలేదు. తాళం లేని ఇంటికి కూడా టీ కొట్టు దగ్గర కూర్చుని రీడింగ్ రాసేసే వాళ్లున్నారు. నెల నెలా ఒకే అంకె పడుతూ ఉంటే అనుమానించాల్సిందే. ఈ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు తీసుకుంటూ జాబితాలో పక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్లు ఓ ఆరు, అవి 780. మీటరు లేని 70 వాట్ల వీధి దీపాలు 20, రోజుకి 11 గంటలు వెలిగితే నెలకి దాదాపు 460. తీగల్లో వేడిగా పోయేది 5 శాతం అనుకుంటే 600.

ఇవన్నీ తీసేస్తే మిగిలింది 760 యూనిట్లు, అంటే 6 శాతం పైన కాస్త. కొక్కెం తగిలించిన వాళ్లు, మెల్లగా తిరిగే పాత మీటర్లు అందులోనే ఉంటాయి. వాళ్లని వదలమని కాదు, నిక్షేపంగా కేసు పెట్టండి.

సగటు బిల్లు ఇంటివాళ్లకీ దెబ్బే. మూడు నెలలు 40 చొప్పున వేసి నాలుగో నెల నిజం రీడింగ్ తీస్తే ఒక్కసారిగా 320 పడుతుంది, ఒడిశా శ్లాబుల్లో 200 దాటిన 120 యూనిట్లకి పై రేటు కట్టాలి. నాలుగు నెలలకి సమానంగా పంచమని అడగండి, నెలకి 110 అయితే 200 దాటదు కదా!

దాడికి వచ్చే ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్నింటికి బిల్లు వేశారు, అందులో సగటు బిల్లులు ఎన్ని, ఈ మూడు అంకెలూ స్తంభానికి కాగితం అంటించి చెప్పమనండి చాలు.

ఒక రిటైర్డ్ ఉద్యోగి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా