ఆ ఫైల్‌ని కాపీ చేయకు

ఒరేయ్ కిరణ్,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ మనసు మనసులో లేదు. అంత కష్టపడి నువ్వు రాసిన వ్యాసాన్ని మీ సార్ ఏఐ రాసిందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. నువ్వు షేర్ చేసిన గూగుల్ డాక్స్ ఫైల్ మొదటినుంచి చివరిదాకా చూశాను. టెన్షన్ పడకు, అది నువ్వే రాశావని చూపించడానికి నీ దగ్గర చాలానే ఉంది.

ముందుగా ఒక జాగ్రత్త. Make a copy నొక్కి ఆ కాపీని మీ సార్‌కి పంపకు. నువ్వు ఎప్పుడు ఏం మార్చావో చెప్పే పాత హిస్టరీ కాపీలోకి రాదు. వర్డ్ ఫైల్‌గా దించి పంపినా అంతే. అసలు ఫైల్‌నే చూపించాలి. చదవడానికి మాత్రమే అనుమతి ఇస్తే ఆయనకి హిస్టరీ కనబడదు, అందుకని నువ్వే వెళ్లి ఆయన ఎదుట తెరవడం మంచిది. File మెనూలో Version history, అందులో See version history. కుడిపక్కన తేదీలు వస్తాయి. తేదీ పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఆ పూట చేసిన మార్పులు విడివిడిగా కనిపిస్తాయి.

అయితే తేదీలు చూపించి ఊరుకోకురా. మూడు రోజులు పట్టిందన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఎవరో రాసిచ్చిన దాన్ని కూడా రోజుకి కొంచెం చొప్పున టైప్ చేయొచ్చు కదా! కాకపోతే అలా చేసినప్పుడు వ్యాసం పైనుంచి కిందికి నేరుగా సాగిపోతుంది, అక్షరదోషాలు తప్ప పెద్దగా ఏదీ మారదు. నీది అలా లేదు. సోమవారం నాడు పొంతన లేని నాలుగు వాక్యాలున్నాయి. మంగళవారం "వరదలకు అడవుల నరికివేతే కారణం" అని ఖాయంగా రాశావు. బుధవారం ఆ వాక్యం కొట్టేసి, పూడిపోయిన కాలువల సంగతి తెచ్చావు. దానికి తగ్గట్టు మూడో పేరాని పైకి జరిపి, మొదటి పేరా మళ్లీ రాశావు. నీ ఆలోచన మారడం అక్కడ కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. నువ్వు చూపించాల్సింది ఆ మార్పునే. ఆ వాక్యం ఎందుకు తీసేశావో, ఏం చదివాక తీసేశావో నోటితో చెప్పడానికి సిద్ధంగా ఉండు.

ఒక్క చోట మాత్రం ఆయన ఆగుతారు. చివరి పేరా మొత్తం ఒకేసారి వచ్చి పడింది. బస్సులో ఫోన్ నోట్స్‌లో రాసుకుని పేస్ట్ చేశానన్నావు కదా, ఆయన అడగకముందే నువ్వే చెప్పు. ఆ నోట్ తేదీతో సహా ఫోన్‌లో తెరిచి చూపించు. దాన్ని తుడిచేయలేదు కదా?

ఇంకో సంగతి. ప్రతి అక్షరం రికార్డయిందని మాత్రం అనకు. గూగుల్ ఒక్కోసారి దగ్గర దగ్గర వెర్షన్లని కలిపేస్తుంది, మధ్యలో కొన్ని నిమిషాలు కనిపించకపోవచ్చు. అందుకే ఈ రాత్రే మంగళ, బుధవారాల వెర్షన్లకి పేర్లు పెట్టు. వాటి పక్కనున్న మూడు చుక్కల్లో ఆ వీలుంది. ఆయన ముందు వెతుక్కోనక్కర్లేదు.

సార్‌ని ఎప్పుడు కలుస్తున్నావో రాయి. ఈలోగా ఫోన్ చేస్తే ఆ మార్పులన్నీ ఇద్దరం ఒకసారి కలిసి చూద్దాం.

నీ
మధు