అత్తయ్య వాంతులు, పాత ఆపరేషన్

ఒరేయ్ శీనూ,

అత్తయ్య ఇంటికొచ్చేసిందని చదివాక ప్రాణం కుదుటపడింది. "12 ఏళ్ల క్రితం గర్భసంచి తీశారు, దానికీ మొన్నటి వాంతులకీ ఏం సంబంధం?" అన్నావు కదా, చెప్తా విను.

కడుపు కోశాక లోపలి పొరలు మానేటప్పుడు అక్కడక్కడా అతుక్కుని దారాల్లా, పట్టీల్లా తయారవుతాయి. డాక్టర్లు 'అడ్హీషన్లు' అనేది వీటినే. ఆపరేషనైన కొద్ది రోజుల్లోనే పుట్టి, చాలామందిలో జీవితాంతం ఊరికే పడి ఉంటాయి. కొందరిలో మాత్రం ఏళ్ల తర్వాత ఒకరోజు చిన్నపేగు ఆ పట్టీ కింద దూరి మడతపడుతుంది. అంతే, దారి బంద్.

మనం ఏమీ తినకపోయినా ఉమ్మి, జీర్ణరసాలు, పసరు కలిపి రోజుకి ఏడెనిమిది లీటర్లు పేగులోకి దిగుతాయి. కిందికి దారి లేకపోతే అదంతా నిలిచి పొట్ట ఉబ్బుతుంది, పైకి తంతుంది. అందుకే అత్తయ్యకి మొదట అన్నం, తర్వాత పచ్చటి పసరు వాంతయ్యాయి. ఇంకా ఆలస్యమైతే మలం కంపు కొట్టే నీళ్లొచ్చేవి. పొద్దున ఒకసారి విరేచనమైందని మీరు ధైర్యపడ్డారు చూడు, అక్కడే మోసం. అది అడ్డుకి కిందున్న సరుకు. ఆ తర్వాత గ్యాస్ కూడా పోలేదంటే అనుమానించాల్సిందే.

అసలు భయం వేరే ఉంది. పేగుతో పాటు దాని రక్తనాళాలూ నొక్కుకుపోతే కొన్ని గంటల్లోనే పేగు కుళ్లి చిల్లు పడొచ్చు. ఉండుండి మెలిపెట్టే నొప్పి ఆగకుండా ఒకేలా నొస్తున్నా, జ్వరమొచ్చినా, నాడి వేగంగా కొట్టుకున్నా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా అలా అవుతోందేమోనని చూస్తారు. అప్పుడిక వెంటనే కోయాల్సిందే. ఈ గుర్తులేవీ లేకపోయినా లోపల చెడుతుండొచ్చు, అందుకే సీటీ స్కాన్.

"ముక్కులో గొట్టం వేసి ఊరికే కూర్చోబెట్టారు" అని విసుక్కున్నావు గానీ, అదే వైద్యంరా. గొట్టం పైనున్న నీళ్లని లాగేస్తుంది, సెలైన్ ఒంట్లో పోయిన నీటినీ పొటాషియాన్నీ పూడుస్తుంది, ఒత్తిడి తగ్గి చాలామందికి పేగు తనంతట తానే విడిపోతుంది. ఆ గొట్టంలోంచే పంపిన మందు మర్నాటి ఎక్స్‌రేలో పెద్దపేగులో కనిపించింది, అంటే అడ్డు దాటిందన్నమాట, అందుకే కోత తప్పింది. మూడు రోజులు చూసినా తెరుచుకోకపోతే మామూలుగా ఆపరేషనే. తొందరపడి కోస్తే కొత్త అతుకులు పుడతాయి మరి.

ఇది మళ్లీ రావచ్చు. వస్తే సోడా, విరేచనాల మందు, ఎనీమా ఏవీ వద్దు. మూసుకున్న పేగుని బలవంతాన తోస్తే ముప్పు. నీళ్లూ తాగించకు. సర్జన్, స్కాన్ ఉన్న ఆస్పత్రికి అర్ధరాత్రైనా తీసుకెళ్లు, గుమ్మంలోనే పాత ఆపరేషన్ మాట చెప్పు. డిశ్చార్జి కాగితం ఆవిడ సంచిలోనే పెట్టు, బీరువాలో కాదు.

నీ
మురళి