‘హాయ్’ అని ఆగిపోకండి

సంపాదకుడు గారికి,

వాట్సాప్‌లో పని మీద మెసేజ్ పెట్టేవాళ్లు చాలామంది ముందు ‘హాయ్’ అనో ‘నమస్తే సార్’ అనో ఒక్క మాట పంపి, అవతలివాళ్లు పలికేదాకా ఊరుకుంటారు. మర్యాదనుకునే అలా చేస్తారు. నేను ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్ల పని చూస్తాను. ఆ మర్యాద వాళ్ల పనికే ఎలా అడ్డం పడుతుందో రోజూ చూస్తున్నాను.

ఈమధ్య ఒక విద్యార్థి తండ్రి ఉదయం 10.30కి ‘హాయ్ సార్’ అని పెట్టారు. కౌంటర్ దగ్గర రద్దీ తగ్గాక, 11.30కి ‘చెప్పండి’ అన్నాను. అప్పటికి ఆయన డ్యూటీలో పడిపోయారు. ఒంటిగంటకు ‘బోనఫైడ్ కావాలి’ అన్నారు. ఎవరికి, ఏ సంవత్సరం, దేనికి అని అడిగితే మూడు దాటాక జవాబొచ్చింది. బస్ పాస్ కోసమట, మర్నాడే ఆఖరు తేదీ అట. ప్రిన్సిపల్ గారు అప్పటికే వెళ్లిపోయారు. ‘నమస్తే సార్, మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం, హాల్‌టికెట్ నంబరు ఇది, బస్ పాస్‌కు బోనఫైడ్ కావాలి, రేపే ఆఖరు, ఎప్పుడు రమ్మంటారు?’ అని పొద్దున్నే పెట్టి ఉంటే మధ్యాహ్నం లోపే సంతకం పడేది.

ఫోన్‌లో ‘హలో’ అంటే అవతలి మనిషి అప్పుడే లైన్లో ఉంటాడు. మెసేజ్ సంగతి అలా కాదు, ఎవరి వీలును బట్టి వాళ్లు చూస్తారు. ఉత్త ‘హాయ్’ చూస్తే అవసరమో, కాలక్షేపమో అంతు పట్టదు. తెరిస్తే నీలం టిక్కులు పడతాయి, చూసి కూడా పలకలేదని నిష్ఠూరం. తెరవకపోతే ఏమైందోనని టెన్షన్. డల్లాస్‌లో ఉన్న పిల్లలకు మనం ఉదయం 11 గంటలకు ‘హాయ్’ పెడితే వాళ్లకు అది అర్ధరాత్రి. మెలకువొచ్చి చూస్తే గుండె జారుతుంది. లేచి ‘ఏంటమ్మా’ అనేసరికి మనకు సాయంత్రం అవుతుంది. అడగాల్సింది గ్యాస్ కనెక్షన్ పాస్‌వర్డ్ గురించే కావచ్చు!

స్నేహితులు ఊసుపోక పెట్టుకునే ‘హాయ్’ జోలికి నేను పోను. మొహమాటం పడే విషయమైనా ఒక ముక్క రాయొచ్చు: ‘అద్దె గురించి మాట్లాడాలి, తొందరేం లేదు, సాయంత్రం ఫోన్ చేయనా?’ నిజంగా అత్యవసరమైతే మెసేజ్ మాని ఫోనే చేయాలి. కంప్యూటర్‌లో వాట్సాప్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ‘నమస్తే’ రాసి ఎంటర్ నొక్కగానే అది వెళ్లిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితే కింది లైన్లోకి వస్తుంది, మిగతాది అక్కడే రాసుకోవచ్చు.

తప్పంతా రాసేవాళ్లదే అనను. ఏం రాయాలో మా ఆఫీసులూ చెప్పవు. వాట్సాప్ బిజినెస్‌లో కొత్తగా మెసేజ్ పెట్టేవాళ్లకు దానంతటదే వెళ్లే పలకరింపు పెట్టుకునే వీలుంది. కాలేజీలు, ఆసుపత్రులు అందులో ‘పేరు, నంబరు, ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఒకే మెసేజ్‌లో రాయండి’ అని పెడితే బాగుంటుంది. ఈ మాట మా ప్రిన్సిపల్ గారికి కూడా చెప్పాను, చూద్దామన్నారు.

— ఒక కాలేజీ ఉద్యోగి, విజయవాడ