సగటున మా ఊరు లక్షాధికారుల ఊరే!

సంపాదకులకు నమస్కారం.

జిల్లా తలసరి ఆదాయం పెరిగిందని, అంతా రొయ్యల చలవేనని, శాలువాల ఫొటోతో సహా మీ జిల్లా పేజీలో వేశారు కదా. వారం దాటిపోయింది. మనవడి జ్వరంతో తిరుగుతూ రాయలేకపోయాను గానీ ఆ పేపరు మాత్రం మడిచి దాచాను. సహకార సంఘంలో ముప్పై ఏళ్లు చిట్టా రాసినవాణ్ణి, లెక్క కళ్లెదుట తప్పుతుంటే నిద్ర పట్టదు.

లెక్క తప్పని కాదు, లెక్క చెప్పని సంగతి వేరే ఉంది. మా భీమవరం చుట్టుపక్కల ఊళ్లలాంటి ఒక ఊళ్లో 100 ఇళ్లున్నాయనుకోండి (అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవే). వరి రోజుల్లో పొలాలున్న 10 ఇళ్లకి తలో 3 లక్షలు, కూలీనాలీ చేసే 90 ఇళ్లకి తలో లక్ష వచ్చేవి. మొత్తం కోటీ 20 లక్షలు, ఇంటి సగటు లక్షా 20 వేలు. పొలాలు రొయ్యల చెరువులయ్యాక ఆ పదిళ్లకి తలో 15 లక్షలు వస్తున్నాయి, మిగతా 90 ఇళ్లకి పని తగ్గి 90 వేలే వస్తున్నాయి. ఇప్పుడు సగటు 2 లక్షల 31 వేలు. దాదాపు రెట్టింపు! అభివృద్ధి అంటూ ఫొటో దిగొచ్చు. నూటికి తొంభై ఇళ్లు వెనక్కి వెళ్లాయన్న సంగతి ఆ సగటులో ఎక్కడా కనపడదు. అదే ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న ఇంటిని అడిగితే, లక్ష కాస్తా 90 వేలయిందని చెబుతుంది. ఆ మధ్య ఇంటిని ఎవరూ అడగరు.

పైగా జిల్లా ఉత్పత్తి లెక్కలో చూసేది సరుకు ఎక్కడ పండిందనే గానీ ఆ డబ్బు ఎవరి చేతికి పోయిందని కాదు. చెరువు మా ఊళ్లో ఉంటే చాలు, లీజుదారు హైదరాబాదులో ఉన్నా ఆ విలువ మా జిల్లా ఖాతాలోనే పడుతుంది.

పని ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. సార్వా, దాళ్వా రెండు పంటలకీ నాట్లు, కలుపు, కోత, నూర్పు ఉండేవి, ఆడవాళ్లకి ఏడాదిలో చాలా రోజులు పని దొరికేది. కోత మిషన్లు కొంత తినేశాయి, కాదనను. కానీ వనామీ చెరువుకి కావలసింది ఒక కాపలావాడు, మేత వేసేవాడు, ఏరేటర్లు చూసేవాడు, అంతే. పట్టుబడి రోజున ముఠా దిగి పట్టేసి పోతుంది. ఆడవాళ్లకి మిగిలింది షెడ్లలో రొయ్య తలలు తీసే పని, అదీ సరుకు ఉన్న రోజుల్లోనే. పక్కన చెరువు తవ్వితే ఉప్పు ఊట వరి చేలోకి దిగి, ఆ రైతు కూడా చివరికి లీజుకే ఇచ్చుకుంటాడు. ఆ నేల చవుడెక్కినందుకు జిల్లా ఆదాయంలోంచి పైసా తగ్గించరు. మిషన్ల అరుగుదల తీసేస్తారు గానీ మట్టి అరుగుదలకి ఆ లెక్కలో గడే లేదు.

ఇక మంచినీళ్లు. చిన్నప్పుడు కాలువ నీళ్లు పట్టుకొచ్చి ఇండుపగింజ అరగదీసి తేర్చుకు తాగేవాళ్లం, పైసా ఖర్చు లేదు కాబట్టి ఆదాయం లెక్కలోనూ లేదు. ఇప్పుడు 20 లీటర్ల టిన్ను 15 రూపాయలు, రోజుకొకటి అంటే ఏడాదికి 5,475. పై లెక్కలో 90 వేలొచ్చే ఇంటికి ఇది ఎంత భారమో చూడండి. నీళ్ల ప్లాంటు వాడికి ఖర్చులు పోను మిగిలేది మాత్రం జిల్లా ఉత్పత్తిలో కలుస్తుంది. కాలువ పాడైతే వృద్ధి పెరుగుతుందన్నమాట! ఈ సంగతి మా దగ్గర ఒక అధికారితో అంటే, "మీరు నెగెటివ్‌గా ఆలోచిస్తున్నారు" అన్నారు. ఆయన టేబుల్ మీద కూడా టిన్ను నీళ్లే.

కేరళని చూడండి. 1970ల్లో తలసరి ఆదాయం దేశం సగటు కన్నా తక్కువే, అయినా ఆయుర్దాయంలో, చదువులో దేశానికి ముందుంది. మన రాష్ట్రంలో 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 60 మందికి రక్తహీనత, 2019-21 సర్వేలో నూటికి 59 మందికి. మధ్యలో ఆదాయం పెరిగిందని శాలువాలు ఎన్నిసార్లు కప్పుకున్నారో మీ పాత పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది.

రొయ్యలు వద్దనట్లేదు, మా బావమరిదికీ రెండు చెరువులున్నాయి, కౌంటు రేటు పడిపోతే వాడి టెన్షన్ నాకు తెలుసు. నేనడిగేది ఒక్కటే. వచ్చే ఏడాది ఆ తలసరి అంకె వేసేటప్పుడు దాని కిందే మధ్య ఇంటి ఆదాయం ఎంత, ఆడకూలీలకి ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికింది, ఎన్ని ఊళ్లు నీళ్లు కొనుక్కుంటున్నాయి అని మీ విలేకరి అడిగి వేయాలి. అధికారులు లెక్కల్లేవంటే, లేవన్నారనే వేయండి.

— ఒక పాత చందాదారు,
భీమవరం దగ్గర పల్లెటూరు